జాబితాలో లేని పేరు

ఆ యంత్రం మా ల్యాబ్‌కి రావాల్సింది కాదు. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాల్సింది. అక్కడ దాని కోసం కట్టిస్తున్న గదిలో గచ్చు ఇంకా ఆరలేదు, ఏసీ బిగించలేదు. యంత్రాన్ని తెప్పించిన కంపెనీలో ఒకాయన మా డాక్టరు మేడమ్‌తో కలిసి చదువుకున్నాడు. అనకాపల్లిలో మా మిషన్ ఆస్పత్రికి మంచి ఏసీ గది ఒకటి, మొరాయించని జనరేటరు ఒకటి ఉన్నాయని ఆయనకు తెలుసు. రెండు వారాలు మీ దగ్గర ఉంచుకోండి, ఊరికే ఉంచడమెందుకు, మా ఇంజనీరు నడిపి చూపిస్తాడు, వాడుకోండి అన్నాడట. ఫోన్ పెట్టేసి మేడమ్ మా గదిలోకి వచ్చినప్పుడు ఆవిడ ముఖం, వానకి బడి సెలవని తెలిసిన చిన్నపిల్ల ముఖంలా ఉంది.

రెండువేల దశకం చివర్లో, వానాకాలం. నాకు ఇరవయ్యారేళ్లు. సూక్ష్మజీవుల విభాగంలో మేం ముగ్గురమే. మైక్రోబయాలజిస్టు మేడమ్, ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్ టెక్నీషియన్, నేను. ఆ పెద్దాయన్ని మేమంతా మాస్టారు అనేవాళ్లం. జ్వరంతో వచ్చినవాళ్ల రక్తంలోనో, చీములోనో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చడం మా పని. ముందు దాన్ని ప్లేటు మీద పెంచాలి. పొద్దున వచ్చి చూస్తే చిన్న చిన్న చుక్కల్లా కాలనీలు కనిపిస్తాయి. అక్కడి నుంచి మాస్టారి రాజ్యం. కాలనీని గుచ్చి వరసగా గాజు గొట్టాల్లోకి ఎక్కిస్తారు. ఒక గొట్టంలో ఫలానా చక్కెర, ఇంకోదాంట్లో యూరియా, మరోదాంట్లో సిట్రేటు. మర్నాటికి ఏది పసుపయింది, ఏది గులాబి అయింది, ఏది నీలమైంది అన్నదాన్నిబట్టి పేరు చెప్తారు. అంటే ఈరోజు కనబడ్డ క్రిమికి రేపు పేరు, మొండిదైతే ఎల్లుండి. ఆ పేరే ఈ యంత్రం అప్పటికప్పుడు చెప్తుందట.

యంత్రం వ్యానులో వచ్చింది. నడుమెత్తు ఉంది, నలుగురు పట్టి దింపారు. వెంట వచ్చిన ఇంజనీరు హైదరాబాదు కుర్రాడు, నాకన్నా చిన్నవాడు, నన్ను కూడా మేడమ్ అనేవాడు. అలా పిలిచినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి అసలు మేడమ్ కోసం చూసేదాన్ని. స్విచ్ వెయ్యగానే పేర్లు చెప్తుందేమోనని మేం చుట్టూ నిలబడ్డాం. లోపలి గాలంతా పంపు లాగేయాలి, రేపటిదాకా ఏమీ అడగొద్దన్నాడు. మర్నాడు నేను మామూలుకన్నా గంట ముందే వెళ్లాను. మేడమ్ అప్పటికే వచ్చేసి, యంత్రం ముందు స్టూలు వేసుకుని కూచున్నారు.

పని చూపించాడు. అరచేతిలో పట్టే స్టీలు పలక, దాని మీద తొంభై ఆరు గుండ్రటి గుర్తులు. టూత్‌పిక్ చివరతో కాలనీని కాస్త తీసి ఒక గుర్తు మీద పల్చగా పులమాలి. ముద్దలా పెడితే పాడవుతుంది, ముగ్గుగీతకన్నా పల్చగా ఉండాలి. దాని మీద ఒక చిట్టి చుక్క ద్రావణం వెయ్యాలి. అది ఆరిపోతూ స్ఫటికాలు కడుతుంది, క్రిమిలోని ప్రోటీన్లు ఆ స్ఫటికాల్లో ఇరుక్కుంటాయి. పలకని యంత్రంలోకి తోస్తే లేజరు ఆ చుక్కని టకటకా కొడుతుంది. స్ఫటికం వెలుగు తాగి ఎగిరిపోతూ ప్రోటీన్లని కూడా ఎగరేస్తుంది. అప్పటికి వాటికి విద్యుదావేశం అంటుకుని ఉంటుంది కాబట్టి, పెద్ద వోల్టేజీ వాటన్నిటినీ ఒకేసారి నిలువు గొట్టంలోకి తరుముతుంది. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనక. ఎంతసేపట్లో చేరిందన్నదాన్నిబట్టి దేని బరువెంతో తెలుస్తుంది.

"అయితే పరుగుపందెవన్నమాట" అన్నారు మాస్టారు చేతులు కట్టుకుని.

"అంతే సార్. ఎవరెప్పుడు చేరారో రాసుకోవడమే దీని పని" అన్నాడు ఇంజనీరు.

తెర మీద కొండల వరసలాంటి గీత వచ్చింది. ఒక్కో శిఖరం ఒక్కో బరువు, చాలావరకు రైబోజోముల ప్రోటీన్లవి. ఒక్కో జాతి బ్యాక్టీరియాకి ఒక్కో రకం వరస ఉంటుంది. కంప్యూటర్లో కొన్ని వేల క్రిముల గీతలు ముందే దాచి ఉంటాయి. మన గీతని వాటిలో ప్రతి ఒక్కదాని పక్కనా పెట్టి చూస్తుంది. మన శిఖరాల్లో ఎన్ని అక్కడున్నాయి, అక్కడివి ఎన్ని మన దగ్గరున్నాయి, పొడుగు పొట్టీ ఎంతవరకు కలిశాయి. అన్నీ కలిపి ఒక మార్కు వేస్తుంది. మూడుకి మించి మార్కు లేదు. క్రిమి పేరులో మొదటి మాట ఇంటిపేరు లాంటిది, రెండోది దాని సొంత పేరు. రెండో ఆ పైనో వస్తే ఇంటిపేరుతో సహా పేరు నమ్మొచ్చు. రెండుకి తగ్గి, ఒకటీ పాయింట్ ఏడు దాకా అయితే ఇంటిపేరు మాత్రమే. ఇంకా తగ్గితే తెలియదన్నట్టే లెక్క.

మొదటి చుక్క మూత్రం కల్చర్‌లోంచి వచ్చిన కాలనీ. తెర మీద ఈ.కోలై అని ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చింది, మార్కు రెండూ పాయింట్ నాలుగు. నేను గడియారం చూశాను. పలక లోపలికి వెళ్లి పది నిమిషాలు కూడా కాలేదు. మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వు చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నామో ఇద్దరికీ తెలియదు. ఒక రోజు పట్టే పని పది నిమిషాల్లో అయిపోతే మనిషికి నవ్వే వస్తుంది కాబోలు.

ఆ వారం మాకు పిచ్చి పట్టింది. ఫ్రిజ్‌లో దాచిన పాత క్రిములన్నిటినీ బయటికి తీశాం. నా ముక్కులోంచి, మేడమ్ ముక్కులోంచి స్వాబ్ తీసి పెంచాం. నా ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్, ఆవిడ ముక్కులో ఎపిడర్మిడిస్. నాది ఎక్కువ మార్కులతో వచ్చిందని నేను రెండు రోజులు గొప్పలు పోయాను. ఇంజనీరు తెచ్చిన టూత్‌పిక్‌లు అయిపోయాయి. మెయిన్ రోడ్డు మీద కొట్టుకి వెళ్లి పది డబ్బాలు అడిగితే, పెళ్లికా అమ్మా అన్నాడు కొట్టాయన. తెచ్చాక చూస్తే వాటికి పుదీనా వాసన. మాస్టారు ఒకటి వాసన చూసి, క్రిమికి నోరు కడుగుతావా అమ్మాయ్ అని తిప్పి పంపించారు.

ఆయన మాత్రం యంత్రానికి లొంగలేదు. పన్నెండు ప్లేట్ల మీద పేర్లు చెరిపి, నెంబర్లు వేసి, పోటీ పెట్టారు. యంత్రం టీ వేళకి ముందే పన్నెండూ చెప్పేసింది. మాస్టారు మర్నాడు మధ్యాహ్నానికి తన గొట్టాలన్నీ కిటికీ దగ్గర వరసగా పెట్టి, కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటీ చదివారు. పదకొండు కలిశాయి. తొమ్మిదో నెంబరుకి యంత్రం ఈ.కోలై అంది, మాస్టారు షిగెల్లా అన్నారు, దాని మీద షిగెల్లాని మాత్రమే పట్టే సీరం చుక్క వేసి గడ్డకట్టడం కూడా చూపించారు. ఇంజనీరు చెవి గోక్కున్నాడు. ఆ రెండూ మరీ దగ్గరి చుట్టాలు, వాటి గీతలు ఒక్కలాగే ఉంటాయి, ఈ యంత్రం వాటిని విడదీయలేదు, ముందే చెప్పాల్సింది అన్నాడు. ఆ రోజు మాస్టారు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. యంత్రానికి కూడా ఒకటి దాని మీద పెడతానంటే ఇంజనీరు అడ్డుపడ్డాడు.

రెండో వారంలో రాంబిల్లి వైపు నుంచి ఒక రైతు చేరాడు. యాభై ఏళ్లుంటాయి, షుగరు ఉంది. రెండు నెలలుగా జ్వరం. ఇంకెక్కడో ఎక్స్‌రేలో మచ్చ చూసి క్షయ అనుకుని మందులు మొదలుపెట్టారు. కళ్లెలో క్షయ క్రిమి కనబడకపోయినా మందులు నడుస్తూనే ఉన్నాయి, మనిషి చిక్కిపోతూనే ఉన్నాడు. మా ఆస్పత్రిలో స్కాన్ తీస్తే ప్లీహంలో చిన్న చిన్న చీము గడ్డలు కనబడ్డాయి. రక్తం కల్చర్‌కి పంపారు.

మూడో రోజుకి ప్లేటు మీద కాలనీలు ముడతలు పడ్డాయి, ఎండిన పువ్వుల్లా. మాస్టారు చూసి, ఆస్పత్రుల్లో తరచూ కనబడే సూడోమొనాస్ కావచ్చన్నారు. మామూలుగా అయితే అదే రాసి పంపేవాళ్లం. యంత్రం ఉంది కదా అని నేను ఎప్పట్లాగే బల్ల మీదే టూత్‌పిక్‌తో పులిమి లోపలికి తోశాను.

తెర మీద బర్కోల్డేరియా థాయ్‌లాండెన్సిస్ అని వచ్చింది. మార్కు రెండు దాటింది, కొంచెమే.

అంత పొడుగు పేరు నేనెప్పుడూ వినలేదు. గట్టిగా చదివి, రాంబిల్లికి థాయ్‌లాండ్ నుంచి చుట్టం వచ్చిందని నవ్వాను. ఇంజనీరూ నవ్వాడు. కేస్ షీట్‌లో ప్రయాణాల వివరం రాయడానికి నేనే వార్డుకి వెళ్లాను. రైతు నిద్రలో మూలుగుతున్నాడు. భార్య తడిగుడ్డతో అతని కాళ్లు తుడుస్తోంది. ఈ మధ్య ఎక్కడికైనా, దూరదేశం ఏదైనా వెళ్లాడా అని అడిగాను.

"ఏ ఊరూ ఎల్లలేదమ్మా. ఏడాదికోపాలి ఉప్మాక ఎల్తాం, ఎంకన్నబాబుకి మొక్కుంది. ఆ పైన పొలం, ఇల్లు. వానొచ్చిందంటే పొద్దున్నించి సీకటి పడేదాకా ఆ బురదలోనే ఉంటాడు" అంది.

ఆమె ఆ మాట చెప్తుంటే నాకు నవ్వు పోయింది. కిందికి వచ్చి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశారు. థాయ్‌లాండెన్సిస్ మట్టిలో బతుకుతుంది, మనుషులకి దాదాపు జబ్బు చెయ్యదు అని ఉంది. దానికి దగ్గరి చుట్టం ఒకటుంది, అదీ బురదమట్టిలోనే ఉంటుంది, పేరు సూడోమల్లై. వానాకాలంలో పొలంలో దిగే షుగరు మనుషుల్ని పట్టి, క్షయలా కనబడి, ప్లీహంలో గడ్డలు కట్టి చంపేది అదే. ఆ జబ్బు పేరు మెలియాయిడోసిస్. మేడమ్ నన్ను చూశారు.

"యంత్రం జాబితాలో సూడోమల్లై ఉందా? చూడు."

నేను జాబితా తెరిచాను. బర్కోల్డేరియా అన్న ఇంటిపేరు కింద ఒక్కో పేరూ వేలు పెట్టి చదివాను. సెపేషియా ఉంది. థాయ్‌లాండెన్సిస్ ఉంది. సూడోమల్లై లేదు. మళ్లీ చదివాను, లేదు. ఇంజనీరుని పిలిస్తే వచ్చి తనూ ఒకసారి చదివాడు. అలాంటి ప్రమాదకరమైన క్రిముల గీతలు మామూలు జాబితాలో పెట్టరు, వాటికి వేరే జాబితా ఉంటుంది, అది విడిగా అడిగి తెచ్చుకోవాలి, ఈ యంత్రంలో వెయ్యలేదు అన్నాడు.

మాస్టారు అప్పటిదాకా గోడకి ఆనుకుని వింటున్నారు. ఆయన మెల్లగా అన్నారు.

"అయితే దీనికి తెలిసినోళ్లలో దగ్గరోడి పేరు సెప్పిందన్నమాట. అసలోడు దీనికి తెలీదు. తెలీనోడి పేరు అదెలాగ సెప్తాది?"

ఆ తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. మేడమ్ ఆ రైతు ప్లేట్లన్నిటికీ టేపు వేయించి, లోపలి గాలి బయటికి రానివ్వని భద్రత క్యాబినెట్‌లోకి మార్పించారు. ఇక వాటి మూతలు బయట తెరవకూడదు, వాసన చూడకూడదు. వార్డు డాక్టరుకి ఫోన్ చేసి పేరు ఖాయం కాకముందే సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టమన్నారు. యాంటీబయాటిక్ బిళ్లల ప్లేటు మర్నాడు చూస్తే జెంటామైసిన్ చుట్టూ, కొలిస్టిన్ చుట్టూ క్రిమి నిశ్చింతగా పెరిగింది, సెఫ్టాజిడిమ్ చుట్టూ మాత్రం పెద్ద ఖాళీ వలయం. అది కూడా సూడోమల్లై వైపే చూపిస్తోందన్నారు మేడమ్. మాస్టారు అరబినోస్ చక్కెరతో గొట్టాలు తయారుచేశారు. థాయ్‌లాండెన్సిస్ ఆ చక్కెర తిని పెరుగుతుంది, సూడోమల్లై తినదు. రెండు రోజులు ఆయన వచ్చీ పోతూ ఆ గొట్టాల వైపే చూశారు. అవి రంగు మారలేదు. మూడు పొరల పెట్టెలో కట్టి, ఈ జబ్బు మీద పనిచేసే ఒక మెడికల్ కాలేజీకి క్రిమిని పంపాం.

దాన్ని బల్ల మీద పులిమింది నేను కాబట్టి, పక్కన నిలబడింది ఇంజనీరు కాబట్టి, మా ఇద్దరికీ మేడమ్ ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు, మూడు వారాలు రోజుకి రెండుసార్లు జ్వరం చూసుకుని చెప్పమన్నారు. భయం లేదని అబద్ధం చెప్పను. మొదటి రెండు రోజులు తుమ్మొచ్చినా థర్మామీటరు తీసేదాన్ని. మూడో రోజు నుంచి అదో ఆటయింది. పొద్దున్నే ఇంజనీరు, నేను థర్మామీటర్లు నోట్లో పెట్టుకుని ఎదురెదురుగా మాట్లాడకుండా కూచునేవాళ్లం. ఒకరి ముఖం ఒకరు చూస్తే నవ్వొచ్చి థర్మామీటరు జారిపోయేది, మళ్లీ మొదటి నుంచి. మా అమ్మ చర్చిలో నా పేరు మీద ప్రార్థన చేయించింది. పాస్టరుగారు క్రిమి పేరు పలకలేక, ఆ పొలము బురదలోనిది అన్నారు. నేను బెంచీలో మోకాళ్ల మీద ఉండి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను.

ఈలోగా రైతుకి జ్వరం తగ్గలేదు. నాలుగు రోజులు, ఐదు, ఆరు. వార్డు డాక్టరు రోజూ కిందికి వచ్చి, మీ జబ్బు అదేనంటారా అని అడిగేవాడు. ఈ జబ్బులో జ్వరం వారం పైన కూడా ఉంటుంది, మందు మార్చొద్దు అని మేడమ్ పుస్తకం తెరిచి చూపించేవారు. తొమ్మిదో రోజు పొద్దున వార్డు నర్సు మెట్లు దిగుతూనే చెప్పింది, తెల్లారేసరికి జ్వరం దిగిపోయిందని. నేను పైకి పరుగెత్తాను. అతను లేచి కూచుని ఇడ్లీ తింటున్నాడు. పక్కన భార్య చెట్నీ గిన్నె పట్టుకుని, అది కింద పెట్టడం మరిచిపోయినట్టు అలాగే నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నమే మెడికల్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడి, ఫోన్ చేత్తో మూసి, మా వైపు తిరిగి తలూపారు. సూడోమల్లై. మాస్టారు అరబినోస్ గొట్టం ఒకటి తీసి ఇంజనీరు చేతిలో పెట్టి, దాచుకో బాబూ అని, వెంటనే మళ్లీ లాక్కున్నారు, అందులో క్రిమి ఉందని గుర్తొచ్చి.

విశాఖపట్నంలో గచ్చు ఇంకా ఆరలేదు. రెండు వారాలన్నది ఐదో వారంలో పడింది. నాకో ఆలోచన వచ్చింది, అడగడానికి సిగ్గుపడుతూ ఇంజనీరుని అడిగాను. జాబితాలోకి మనం ఒక పేరు చేర్చలేమా అని.

"చేర్చొచ్చు మేడమ్. పేరు ఖాయమైన క్రిమి అయితే చాలు, మీ దగ్గర ఉంది కదా" అన్నాడు.

ఆ రెండు రోజులున్నంత సంతోషంగా నా ఉద్యోగంలో మరెప్పుడూ లేను. క్యాబినెట్‌లో మాస్కు, రెండు జతల గ్లవ్స్ వేసుకుని, కాలనీని ఆల్కహాల్లో కలిపి చంపి, ఫార్మిక్ యాసిడ్‌తో ప్రోటీన్లు బయటికి లాగి, పైన తేరిన ద్రవాన్ని పలక మీద ఎనిమిది చోట్ల వేశాను. ఒక్కో చుక్కనీ మూడుసార్లు చదివించాం. ఇరవై నాలుగు గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పక్కకి జరిగినవి, వంకరగా ఉన్నవి ఏరేశాం. మిగిలినవాటిలో మళ్లీ మళ్లీ కనబడే శిఖరాలన్నీ కలిపి కంప్యూటరు ఒకే గీత చేసింది. అదే ఇకమీదట నమూనా. పేరు రాయమని పెట్టె తెరుచుకుంది. ఇంజనీరు కీబోర్డు నా వైపు తోశాడు. క్రిమి పేరు కొట్టి, పక్కన గుర్తు కోసం రాంబిల్లి ఒకటి అని కొట్టాను. ఒక వేలితో, అక్షరం అక్షరం చూసుకుంటూ.

తర్వాత మొదటి రోజు రైతు క్రిమికి వచ్చిన పాత గీతనే, ఏమీ మార్చకుండా, మళ్లీ జాబితాతో పోల్చమన్నాం. కంప్యూటరు ఆలోచించింది. పైవరసలో రాంబిల్లి ఒకటి, రెండూ పాయింట్ ఆరు. థాయ్‌లాండెన్సిస్ రెండో వరసకి దిగిపోయింది. మేడమ్ కుర్చీలోంచి లేచి నన్ను వాటేసుకున్నారు. ఆవిడ ఎవర్నీ ముట్టుకునే మనిషి కాదు.

ఒక్క నమూనా చాలదని, దగ్గరి చుట్టాలు మళ్లీ తికమక పెట్టొచ్చని, ఆ పేరొస్తే క్యాబినెట్‌లో పెట్టి అరబినోస్ కూడా చూడాలని మేడమ్ ఒక కాగితం మీద రాసి యంత్రానికి అంటించారు. యంత్రం ఆ కాగితంతోనే వ్యానెక్కి విశాఖపట్నం వెళ్లింది. మాస్టారు వ్యాను వెనక తలుపు మీద చెయ్యేసి, గుంతల్లో నెమ్మదిగా ఎల్లు అని డ్రైవరుకి చెప్పారు. మా గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. నేను పొద్దున్నే వెళ్లి గొట్టాలు కడగడం మళ్లీ మొదలుపెట్టాను. పేరు చెప్పడానికి మళ్లీ ఒక రోజు పట్టేది, నాకు విసుగ్గానే ఉండేది. ముడతల కాలనీ కనబడితే మాత్రం సూడోమొనాస్ అని రాసి వదిలేయడం మా ముగ్గురిలో ఎవరూ మళ్లీ చెయ్యలేదు.

రైతు మాత్రలు నెలల తరబడి మింగాడు, ఒక్కటీ మానకుండా. చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు బొద్దుగా ఉన్నాడు, నేను గుర్తు పట్టలేదు. పొలంలోకి బూట్లు వేసుకుని దిగుతున్నాడట, ఊళ్లో అందరూ కలెక్టరుగారని వెక్కిరిస్తున్నారట.

మరుసటి ఏడు వానల్లో విశాఖపట్నం ఆస్పత్రి ల్యాబ్ నుంచి మేడమ్‌కి ఫోన్ వచ్చింది. పాలేరుపని చేసే ఒకామె, మెడ మీద గడ్డ, రెండు నెలల జ్వరం. యంత్రం పైవరసలో సూడోమల్లై, పక్కన రాంబిల్లి ఒకటి అని చూపిస్తోందట, మార్కు రెండు దాటిందట. ఇదేం పేరు, ఇదెవరు పెట్టారు అని వాళ్లు అడుగుతున్నారు. మేడమ్ ఫోన్ నాకిచ్చారు. నేను క్యాబినెట్ గురించి, అరబినోస్ గురించి, సెఫ్టాజిడిమ్ గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అవతలి ఆయన అన్నీ రాసుకుని, ముందు మందు మొదలుపెడతాం అన్నాడు. ఫోన్ పెట్టేశాక వరండాలోకి వెళ్లాను. వాన పడుతోంది. చెప్పులు విడిచి, ఆస్పత్రి అనే మాటే మరిచిపోయి, ఆ పొడుగు వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాను. మందులిచ్చే గదిలోంచి సిస్టరు తల బయటపెట్టి, ఎవరికేమైందని అడిగింది. ఒకావిడ బతకబోతోందని చెప్పాను.